విమానం కుదుపులు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో కౌన్సెలింగ్ చేసే నా దగ్గరకు, పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లబోయే తల్లిదండ్రులు తరచుగా వస్తుంటారు. వారిలో చాలామందికి విమానం ఎక్కడమంటే భయం లేదు. అది గాలిలో కుదిపితే ఏమవుతుందోననేదే దిగులు.

అపోహ: గాలిలో గుంతలుంటాయి, వాటిలో విమానం వేల అడుగులు పడిపోతుంది.

ఆకాశంలో గాలి లేని గుంత అంటూ ఏదీ ఉండదు. వేర్వేరు వేగాలతో వీచే గాలి పొరలను దాటేటప్పుడో, పైకి లేచే వేడిగాలి తగిలినప్పుడో విమానం ఊగుతుంది. మన లోపలి చెవి ఎత్తును కొలవలేదు, వేగంలో మార్పును మాత్రమే పసిగడుతుంది. బయట చూసి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కనుక కొద్ది అడుగుల జారుడు కూడా బావిలో పడ్డట్టే అనిపిస్తుంది. 2024 మే నెలలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీదుగా తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుని 6,000 అడుగులు పడిపోయిందని వార్తలు వచ్చాయి. దర్యాప్తు ప్రాథమిక నివేదిక ప్రకారం అది హఠాత్తుగా దిగింది 178 అడుగులే. మిగతాది తరువాత పైలట్లు నెమ్మదిగా దించినది. అయినా ఒకరు మరణించారు, బెల్టు పెట్టుకోనివారు సీట్లలోంచి పైకి ఎగిరిపడ్డారు. కాబట్టి కుదుపులతో ప్రమాదమే లేదని నేను చెప్పను. ఆ ప్రమాదం విమానానికి కాదు, బెల్టు లేని మనిషికి.

అపోహ: రెక్కలు ఊగితే విరుగుతాయి.

అవి ఊగేలాగే తయారవుతాయి. వాడుకలో రాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలనేది నిబంధన.

అపోహ: నిద్రమాత్ర వేసుకుంటే సరి.

డాక్టరు చెప్పకుండా వద్దు. గంటల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పైగా మెలకువగా కుదుపును దాటితే తప్ప మనసుకు ధైర్యం అలవడదు.

బెంగళూరు నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్లవలసిన ఒక రిటైర్డు టీచరమ్మ, అంతకుముందు ప్రయాణంలో వేళ్లు తెల్లబడేలా చేతిపిడిని పట్టుకుని, వేగంగా ఊపిరి తీసి, చేతులు తిమ్మిరెక్కేసరికి గుండెపోటు అనుకున్నారు. ఊపిరి మరీ వేగంగా తీస్తే ఆ తిమ్మిరి రావడం మామూలే. (ఛాతీనొప్పి ఉంటే మాత్రం ఊహించుకోకుండా సిబ్బందిని పిలవాలి.) ఈసారి ఆమె కుదుపు తక్కువగా తెలిసే రెక్కల దగ్గరి సీటు తీసుకున్నారు, నిద్రలో కూడా బెల్టు తీయలేదు, ఎదుటి బల్లపై సగం నీళ్లున్న సీసా పెట్టుకున్నారు. లోపల అంత భీకరంగా అనిపిస్తున్నప్పుడు సీసాలో నీళ్లు ఎంత కొద్దిగా కదులుతున్నాయో చూడటమే పని. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసి, ఆరు లెక్కపెడుతూ వదులుతూ, ఐదు నిమిషాలకోసారి భయానికి పదికి ఎన్ని మార్కులో చిన్న పుస్తకంలో రాశారు: తొమ్మిది, తొమ్మిది, ఏడు, నాలుగు.

తిరుగు ప్రయాణంలో మార్కులు ఒక్క పేజీలోనే ఆగిపోయాయి. తరువాతి పేజీలో కూతురికి పంపవలసిన చెనిక్కాయల పొడి, ఎండుమిరపకాయల లెక్క ఉంది.