న్యాయమైన పనికి చేయి తడపడం: అపోహలు - వాస్తవాలు

ఓడల్లో సరుకు పంపే కంపెనీలో లంచాల నివారణ చూసే ఉద్యోగం నాది. నా దగ్గరికి పెద్ద కుంభకోణాలు అరుదుగా వస్తాయి. వచ్చేవన్నీ ఒక సంతకం, ఒక ముద్ర, ఒక తనిఖీ లాంటివే. ఆ పని మనకు న్యాయంగా జరగాల్సిందే, కానీ ఎవరి చేయో తడిపితే తప్ప జరగదు. హక్కు లేని పనిని డబ్బుతో చేయించుకోవడం తప్పని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మంచివాళ్లు కూడా తడబడేది న్యాయంగా జరగాల్సిన పని దగ్గరే. ట్రైనింగుల్లో నేను తరచూ వినే వాదనలు ఇవి.

అపోహ: నాకు హక్కున్న పనే కదా, తొందరగా చేయించుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ఇచ్చేవాడికి నష్టపోయినవాడు కనబడడు కాబట్టి ఈ మాట నిజంలా అనిపిస్తుంది. అందుకే నేను బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. ఒక అధికారి బల్ల మీద 12 ఫైళ్లున్నాయి. రోజుకు నాలుగు చూస్తాడు, మూడు రోజుల్లో అన్నీ అయిపోతాయి. నా ఫైలు 11వది, అంటే మూడో రోజు రావాలి. డబ్బిచ్చాను, అది అన్నిటికన్నా పైకి వచ్చింది. ఆయన ఆ రోజు కూడా నాలుగే చూశాడు. అంటే ఇవాళ కావాల్సిన నాలుగో ఫైలు రేపటికి పోయింది, రేపు కావాల్సిన ఎనిమిదోది ఎల్లుండికి పోయింది. నాకు రెండు రోజులు కలిసొచ్చాయి. ఆ ఇద్దరికీ చెరో రోజు పోయింది. నాకు కలిసొచ్చిన రెండు రోజులూ వాళ్లవే. వాళ్లకూ నాకున్నంత హక్కే ఉంది, పైగా నాకన్నా ముందు వచ్చారు.

"ఆయన సాయంత్రం ఎక్కువసేపు కూర్చుని నాది అదనంగా చేస్తే?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఆ ఒక్క రోజుకు ఎవరి వంతూ పోలేదు, నిజమే. కానీ సాయంత్రం చేస్తే డబ్బొస్తుందని తెలిశాక, పగలు ఆ పని చకచకా పూర్తి చేయడానికి ఆయనకు కారణమేముంది? ఆలస్యమే అమ్ముకునే సరుకైపోతుంది. లంచం పనులను వేగవంతం చేస్తుందని వాదించిన పండితులున్నారు. కానీ వసూళ్ల కోసమే కావాలని ఆలస్యం పుట్టిస్తారని ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1968లోనే రాశారు. 1999లో కౌఫ్‌మాన్, వెయ్ అనే ఆర్థికవేత్తలు కంపెనీల సర్వేలను పరిశీలిస్తే, ఎక్కువ లంచాలిచ్చే కంపెనీలే అధికారులతో ఎక్కువ సమయం గడుపుతున్నట్టు తేలింది.

అపోహ: వాళ్లు పీడించి తీసుకుంటే ఇచ్చినవాడి తప్పేముంది?

ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని నేను కాదనను. అడిగినవాడి తప్పే పెద్దది. దారిలో ఆయుధం చూపించి డబ్బడిగితే ఇచ్చేయమనే మా డ్రైవర్లకు చెబుతాం. క్షేమంగా బయటపడ్డాక ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఇచ్చారో రాసివ్వమంటాం. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇచ్చినవాడిని నిందించడానికి ఏమీ లేదు. చట్టాలు కూడా బలవంతాన్ని గుర్తిస్తాయి. భారతదేశంలో 2018 సవరణ లంచం ఇవ్వడాన్నీ నేరం చేసింది, కానీ బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వాళ్లకు మినహాయింపు ఇచ్చింది.

అయితే మనం "బలవంతం" అని చెప్పుకునేవాటిలో ఎక్కువ భాగం ఆలస్యం, టెన్షన్, బాస్ కేకలు. అవి బాధే, కానీ బలవంతం కాదు. ఒక్కోసారి మన పొరపాటు కూడా అందులో దాక్కుని ఉంటుంది.

ఒక సాయంత్రం మా కుర్రాడు రేవు నుంచి ఫోన్ చేశాడు. ఆసుపత్రి స్కానింగ్ యంత్రానికి కావాల్సిన విడిభాగాలు ఆపేశారు. "సార్, కొంచెం ఇస్తే రాత్రికే వదిలేస్తానంటున్నాడు. అవతల పేషెంట్లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఏ నిబంధన కింద ఆపారో, దాన్ని సరిచేయడానికి అధికారిక ఫీజు ఎంతో, రసీదు ఇస్తారో లేదో అడగమన్నాను. గొంతు పెంచొద్దని కూడా చెప్పాను. అరగంటలో కారణం తెలిసింది. ప్యాకింగ్ లిస్టులో బరువు 1,240 కిలోలని ఉంది, ఓడ కాగితాల్లో 1,204 అని ఉంది. అంకెలు తారుమారు చేసింది మా ఆఫీసే. అధికారి అడిగిన డబ్బు తప్పే, కానీ ఆయన చేతికి ఆ పట్టు అందించింది మేము. అప్పుడు డబ్బిచ్చి ఉంటే హక్కును కొనుక్కోవడం కూడా అయ్యేది కాదు, మా తప్పును కప్పిపుచ్చుకోవడం అయ్యేది.

సవరణకు దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, రసీదు తీసుకున్నాం. నాలుగు రోజులు పట్టింది. నేనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆలస్యానికి కారణం మా పొరపాటేనని చెప్పాను. అత్యవసరమైనవాళ్లను వేరే చోటికి స్కానింగుకు పంపే ఏర్పాటు వాళ్లకుంది కాబట్టి ఆ నిర్ణయం తీసుకోగలిగాను. ఆ ఏర్పాటు లేక ఎవరి ప్రాణమో ఆ రాత్రి మీదే ఆధారపడి ఉంటే ఇచ్చి, ఇచ్చానని రాసి, ఫిర్యాదు చేసేవాణ్ణి. అయినా ఆ నాలుగు రోజులు తిరిగినవాళ్ల శ్రమ నాకు గుర్తుంది. లంచం ఇవ్వకపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదని నేనెప్పుడూ చెప్పను.

అపోహ: చిన్న మొత్తమైతే చట్టం పట్టించుకోదు.

అది ఏ చట్టమన్న దాన్ని బట్టి ఉంటుంది. విదేశీ అధికారులకు లంచాలివ్వడంపై 1977లో వచ్చిన అమెరికా చట్టంలో మామూలు పనుల కోసం ఇచ్చే డబ్బుకు మినహాయింపు ఉంది. బ్రిటన్ 2010 చట్టంలో అదీ లేదు. నేను చట్టం కన్నా ముందు ఇంకోటి అడుగుతాను: దీన్ని లెక్కల పుస్తకంలో దాని అసలు పేరుతో రాయగలవా? రాయగలనన్నవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. "ఇతర ఖర్చులు" అని రాస్తారు. అంటే లంచం వెంట ఒక అబద్ధం వస్తుంది. తర్వాత ఆడిటర్‌కు ఇంకొకటి చెప్పాలి. కొందరు ఆ పని ఏజెంటు చేత చేయించి, నాకేమీ తెలియదంటారు. ఏజెంటు బిల్లులో రసీదు లేని గుండుగుత్త మొత్తం ఉంటే, అది దేనికని అడగనివాడికి తెలిసే ఉంటుంది.

అపోహ: నేనొక్కడినే మానేస్తే ఏం మారుతుంది?

ఒక్కడు మానేస్తే వ్యవస్థ మారకపోవచ్చు. కానీ నాలుగో ఫైలు వాడి రోజు నావల్ల పోదు, దానికి ఇంకెవరూ మానేయక్కర్లేదు. ఇక ఒక్కడే నిలబడటం కష్టమన్నది నిజం, ఓడల కంపెనీలకు ఇది బాగా తెలుసు. "పక్క ఓడ ఇచ్చింది, నువ్వెందుకివ్వవు?" అన్నది కెప్టెన్లకు అలవాటైన మాట. అందుకే 2011లో కొన్ని కంపెనీలు కలిసి మారిటైమ్ యాంటీ-కరప్షన్ నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. ఏ రేవులో ఏమడిగారో తమ పేర్లు బయటపెట్టకుండా రిపోర్టు చేస్తారు. సిగరెట్ పెట్టెలు అడగడం రివాజైన చోట్ల అందరూ ఒకే మాట మీద నిరాకరిస్తారు.

మా ఆఫీసులో ఇప్పుడు సరుకు కదిలేముందు బరువు, పెట్టెల సంఖ్య, సీలు నంబరు ఇద్దరు విడివిడిగా చూసి సంతకం పెడతారు. ఆ రెండో సంతకం ఆ సాయంత్రం ఫోన్ చేసిన కుర్రాడిది.