మోగే ఫోన్ మీద కనిపించే పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

గుంటూరులో ఉంటున్న మా నాన్నగారికి ఒక ఉదయం పరగడుపున రక్తపరీక్ష చేయించవలసి ఉంది. రక్తం తీసుకోవడానికి ల్యాబ్ నుంచి వచ్చే అబ్బాయి వీధి మలుపులో నిలబడి, ఇల్లు తెలియక నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ తెర ఎర్రగా మారి, ఆ నంబరు స్పామ్ అని చూపించింది. అలాంటి ఫోన్లు ఎత్తవద్దని ఆయనకు గట్టిగా చెప్పింది నేనే గనుక ఆయన ఎత్తలేదు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి పదిన్నర దాకా ఏమీ తినకుండా కూర్చున్నారు. ఆ సాయంత్రం అదే ఫోన్‌కు మరో కాల్ వచ్చింది. ఏ ముద్రా లేదు, చక్కగా ఒక పేరు కూడా కనిపించింది. ఎత్తితే, కరెంటు బిల్లు కట్టలేదని, ఆ రాత్రికే సరఫరా ఆపేస్తామని బెదిరింపు. ఒకే రోజు అదే తెర రెండు వైపులా తప్పు చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియాలంటే, ఆ పేరూ ఆ ముద్రా ఏయే దారుల్లో తెర మీదికి వచ్చాయో చూడాలి.

మన దేశంలో 2003లో వచ్చే కాల్స్ మీద చార్జీ పోయింది. అప్పటిదాకా తెలియని నంబరు ఎత్తితే మన డబ్బే ఖర్చయ్యేది. ఆ భయం పోవడంతో అందరూ ఫోన్ ఎత్తడం మొదలుపెట్టారు, అమ్మకాల కాల్స్ కూడా వెల్లువెత్తాయి. 2007లో వద్దన్నవారి నంబర్ల జాబితా వచ్చింది, 2010 నాటి నిబంధనల తరువాత ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. నియమం పాటించే సంస్థలు 140లోకి మారాయి. పాటించనివారు మామూలు పది అంకెల సిమ్‌లు కొని యథాప్రకారం చేసుకుంటూ పోయారు. అంకెలు చూసి అవతల ఎవరో పోల్చుకోలేని స్థితి అప్పుడే ఏర్పడింది.

ఆ ఖాళీలోకి, పేరు వచ్చే మొదటి దారిగా, 2009లో స్వీడన్‌లో పుట్టిన ట్రూకాలర్ అనే యాప్ వచ్చింది. దానికి భారతదేశమే అతిపెద్ద మార్కెట్ అయింది. దాని దగ్గర ఉన్న పేర్లు టెలికాం సంస్థల రికార్డుల నుంచి తీసుకున్నవి కావు. వాడుకరులు పంచుకున్న ఫోన్‌బుక్‌లు, వారు సూచించిన పేర్లు, నంబరు గలవారు స్వయంగా రాసుకున్న ప్రొఫైళ్లు, జనం పంపిన స్పామ్ ఫిర్యాదులు దాని ముడిసరుకు. మన ఫోన్లలో పేర్లు ఎలా దాచుకుంటామో గుర్తు చేసుకోండి: పాల సుబ్బయ్య, గ్యాస్ రాజు, రెండో అంతస్తు ఆంటీ. చాలామంది ఒకే మాట రాస్తే ఆ మాటే పేరై కూర్చుంటుంది. తన నంబరుకు ప్రొఫైల్ తెరిచినవాడు ఒక బ్యాంకు అధికారి పేరు రాసుకున్నా, ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా అది కనిపించే వీలుంది.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. రద్దయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తరువాత మరొకరికి ఇస్తారు. సిమ్ కొత్తవారిది అవుతుంది గాని, పాత యజమాని పేరు వేలాది ఫోన్‌బుక్‌లలో అలాగే మిగిలి ఉంటుంది. మా పిన్ని కొత్త నంబరు తీసుకున్న ఆరు నెలల దాకా ఎవరికి ఫోన్ చేసినా అవతల తెర మీద ‘కేబుల్ రమేష్’ అనే పడేది. అంతకు ముందు ఆ నంబరు గలవాడి మీద స్పామ్ ఫిర్యాదులు ఉండి ఉంటే ఆ ముద్ర కూడా ఆమెకే అంటుకునేది.

రెండో దారి నెట్‌వర్క్ వేసే ముద్ర. 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ తన నెట్‌వర్క్ లోనే కాల్స్ నడతను గమనించి అనుమానాస్పదమైన వాటిని తెర మీద చూపించడం మొదలుపెట్టింది. ఇలాంటి వ్యవస్థలు కాల్‌లో ఏం మాట్లాడుకున్నారో వినవు. నంబరు రోజుకు ఎన్ని కాల్స్ చేస్తోంది, ఎంతమంది కొత్తవారికి చేస్తోంది, ఒక్కో కాల్ ఎంతసేపు సాగుతోంది, ఆ నంబరుకు తిరిగి ఎవరైనా చేస్తున్నారా అన్న లెక్కలు చూస్తాయి.

ఇప్పుడు మా నాన్నగారికి ఫోన్ చేసిన ల్యాబ్ అబ్బాయి ఉదయాన్ని ఈ లెక్కల్లో పెట్టి చూద్దాం. ఆరు గంటలకు బయలుదేరి తొమ్మిదిలోపు పదిహేను ఇళ్లు తిరగాలనుకుందాం. ఇల్లు దొరకనిచోట రెండు మూడుసార్లు చేస్తాడు గనుక నలభై కాల్స్ దాకా అవుతాయి. వాటిలో ఏ ఒక్క నంబరుకూ అతను ఇంతకు ముందు ఫోన్ చేసి ఉండడు, రేపు మళ్లీ చేయడు. ‘కిందికి వచ్చాను, గేటు తీయండి’ అంటే ఇరవై సెకన్లలో కాల్ ముగుస్తుంది. కొందరు ఎత్తరు, ఒకరిద్దరు విసుగుతో స్పామ్ అని నొక్కుతారు. అప్పులు అంటగట్టే కాల్ సెంటర్ ఉద్యోగి ఉదయం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పార్సిళ్లు ఇచ్చేవారికీ, క్యాబ్ డ్రైవర్లకూ ఇదే గతి. రోజంతా కొత్తవారికి ఫోన్ చేస్తేనే కూడు దొరికే మనుషుల మీద ఈ ముద్ర ఎక్కువగా పడుతోందన్న విషయం నన్ను బాధిస్తుంది. పడిన ముద్రను తీయించుకోవడానికి ఎవరిని అడగాలో కూడా వారిలో చాలామందికి తెలియదు.

రెండో వైపు, జీవితకాలపు పొదుపు ఊడ్చుకుపోయే మోసాల నడత దీనికి పూర్తిగా వ్యతిరేకం. డిజిటల్ అరెస్టు పేరుతో పెద్దవారిని బెదిరించే ముఠా ఒక్క మనిషిని గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి కాల్‌లోనే కూర్చోబెడుతుంది. మొదటి పలకరింపు కొత్త సిమ్ నుంచి జరుగుతుంది, ఆ వెంటనే మాట వాట్సాప్ వీడియోకు మారుతుంది. కొత్త సిమ్‌కు చెడ్డపేరు ఇంకా రాలేదు, కాల్స్ సంఖ్య తక్కువ, నిడివి ఎక్కువ. లెక్క ప్రకారం అది మర్యాదస్తుడి నంబరు. వాట్సాప్ కాల్ అయితే టెలికాం సంస్థ వేసే ముద్ర పరిధిలోకే రాదు. అందువల్ల నా అంచనాలో ముద్ర ఉండటానికి కొంత విలువ ఉంది గాని, ముద్ర లేకపోవడానికి దాదాపు ఏ విలువా లేదు.

మూడో దారి ప్రభుత్వానిది. 2022లో టెలికాం శాఖ అడిగిన మీదట టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సంప్రదింపులు జరిపి, 2024 ఫిబ్రవరిలో సీఎన్ఏపీ అనే సేవను సిఫారసు చేసింది. సిమ్ తీసుకునేటప్పుడు నింపిన దరఖాస్తులో ఉన్న పేరే అవతలి తెర మీద పడాలన్నది దాని సారం. కాల్ రాగానే అందుకునేవారి టెలికాం సంస్థ, ఆ నంబరు ఇప్పుడు ఏ సంస్థలో ఉందో చూసి, ఆ సంస్థ దగ్గర ఉన్న పేర్ల పట్టికను అడిగి, వచ్చిన పేరును ఫోన్‌కు పంపుతుంది. మొదట దీన్ని కోరుకున్నవారికే ఇవ్వాలని ట్రాయ్ అన్నది. అందరికీ ఉంచి, వద్దన్నవారికి తీసేయాలని టెలికాం శాఖ అభిప్రాయపడింది. 2025 అక్టోబరులో ట్రాయ్ అందుకు అంగీకరించింది. పాత 2జీ నెట్‌వర్క్‌లో సాంకేతిక ఇబ్బందులు ఉన్నందున ముందు 4జీ, ఆ పైవాటిలో తేవాలన్నది నిర్ణయం.

జనం రాసిన పేరు కంటే దరఖాస్తులోని పేరు గట్టిదే. అయితే అది చెప్పేది సిమ్ ఎవరి పేరు మీద ఉందన్న సంగతి మాత్రమే, మాట్లాడుతున్నది ఎవరన్నది దానికి తెలియదు. మన ఇళ్లలో అమ్మ సిమ్, పిల్లల సిమ్ అన్నీ నాన్న ఆధార్ మీదే ఉండటం మామూలు. ఉద్యోగం కోసం కూతురు ఫోన్ చేస్తే అవతల తండ్రి పేరు పడుతుంది. ఇంతకంటే బరువైన చిక్కు మరొకటి ఉంది. 2023లో విజయవాడలో ఒకే మనిషి ఫోటోతో 658 సిమ్‌లు జారీ అయినట్టు, ముఖాలను పోల్చి చూసే టెలికాం శాఖ సాఫ్ట్‌వేర్ బయటపెట్టింది. ఒక వ్యక్తి పేరు మీద తొమ్మిదికి మించి సిమ్‌లు ఉండరాదని నియమం ఉన్న దేశంలో జరిగిన సంగతి ఇది. దుకాణంలో వేలిముద్ర సరిగా పడలేదని రెండోసారి వేయించుకుని, దానితో మరో సిమ్ తీసి అమ్ముకునేవారూ ఉన్నారు. అటువంటి సిమ్ నుంచి వచ్చిన కాల్‌కు సీఎన్ఏపీ చూపించేది నిజమైన పౌరుడి నిజమైన పేరే, కానీ ఫోన్ పట్టుకున్నది వేరొకడు.

పేరు సంగతి అలా ఉంచితే, అసలు నంబరే అబద్ధం కావచ్చు. ఇంటర్నెట్ ద్వారా పంపే కాల్‌లో, పిలుస్తున్న నంబరు గడిని పంపేవారే నింపుతారు. విదేశం నుంచి చేస్తూ +91 నంబరు రాసి పంపే కాల్స్‌ను ఆపడానికి 2024 అక్టోబరు 22న మన దేశంలో ఒక వ్యవస్థ మొదలైంది. తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్‌ను నకిలీవిగా పట్టుకున్నట్టు టెలికాం శాఖ ప్రకటించింది. అమెరికాలో 2021 జూన్ 30 నుంచి పెద్ద సంస్థలు తమ ఇంటర్నెట్ ఆధారిత నెట్‌వర్క్‌లో నడిచే కాల్స్‌కు డిజిటల్ సంతకం జోడించాలన్న నియమం ఉంది. ఆ సంతకం నంబరుకు హామీ ఇస్తుంది, మనిషి ఉద్దేశానికి ఇవ్వదు. నంబరును సక్రమంగా అద్దెకు తీసుకున్న మోసగాడికీ మంచి సంతకమే దొరుకుతుంది. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం, తన ఫోన్ నంబరే తెర మీద పడేలా చేసి వీసా తప్పుల పేరుతో డబ్బు గుంజుతున్నారని అక్కడి భారతీయులను హెచ్చరించింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఆ హెచ్చరిక తెలిసి ఉండాలి.

అనుమానం వచ్చినప్పుడు ఫోన్ పెట్టేసి, అదే నంబరుకు మనమే చేస్తే కాల్ ఆ నంబరు అసలు యజమానికి వెళ్తుంది, నకిలీ నంబరు అక్కడ బయటపడుతుంది. దొంగ సిమ్ అయితే మాత్రం మళ్లీ మోసగాడే ఎత్తుతాడు. కాబట్టి బ్యాంకు అన్నవారికి కార్డు వెనుక ముద్రించిన నంబరుకు, కరెంటు ఆఫీసు అన్నవారికి బిల్లు మీద ఉన్న నంబరుకు చేయాలి. బ్యాంకులు తమ సేవా కాల్స్‌ను 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని వచ్చిన ఆదేశాన్ని నేను వీటన్నింటికంటే ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే ఆ నంబరు దుకాణంలో కొనుక్కునే సిమ్‌గా ఎవరికీ దొరకదు.

పేరు చూపించే పద్ధతి వచ్చాక, మన పేరు మీద మనకు తెలియకుండా ఉన్న సిమ్ నుంచి ఎవడో బెదిరిస్తే, అవతలివారు పోలీసులకు చూపించేది మన పేరు పడిన తెరే. ఆ ఆలోచనతోనే గుంటూరు వెళ్లినప్పుడు, ఒకరి పేరు మీద ఉన్న సిమ్‌లను చూపించే టెలికాం శాఖ వెబ్‌సైటు sancharsaathi.gov.in తెరిచి నాన్నగారి నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ వేసి చూశాను. ఆయన పేరు మీద ఐదు నంబర్లు కనిపించాయి. నాలుగు మా ఇంట్లోవే. ఐదోది ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాని పక్కన Not My Number అన్నదాన్ని ఎంచుకుని, వచ్చిన ఫిర్యాదు సంఖ్యను ఆయన డైరీలో రాసి పెట్టాను.