నాణెం ఆటలో నాలుగు అపోహలు, వాస్తవాలు

చేతిలో ఒక రూపాయి ఉంది. నాణెం ఎగరేస్తే బొమ్మకు రూపాయి వస్తుంది, బొరుసుకు రూపాయి పోతుంది. నాలుగు రూపాయలు చేరినా, చేయి ఖాళీ అయినా ఆట ఆగుతుంది. అంటే 0, 4 అబ్సార్బింగ్ స్టేట్లు, అక్కడికి చేరాక ఇక కదలిక ఉండదు. మార్కోవ్ చైన్ పాఠాన్ని నేను ఎప్పుడూ ఈ ఆటతోనే మొదలుపెడతాను.

అపోహ: గెలిచే దారులన్నీ లెక్కపెట్టి కూడాలి.

వాస్తవం: 1, 2 మధ్య ఎన్నిసార్లయినా తిరగొచ్చు కాబట్టి దారులకు అంతే లేదు. ఒక్క అడుగు ముందుకు చూస్తే చాలు. i రూపాయలున్నప్పుడు 4కి చేరే సంభావ్యతను h_i అందాం. ఒక టాస్ అయ్యాక పక్క స్టేట్ నుంచి ఆట మళ్లీ మొదలైనట్టే.

```
h1 = ½·h0 + ½·h2
h2 = ½·h1 + ½·h3
h3 = ½·h2 + ½·h4
h0 = 0, h4 = 1
```

సాధిస్తే ¼, ½, ¾ వస్తాయి.

అపోహ: అన్ని స్టేట్లకూ అదే సూత్రం రాసేయొచ్చు.

వాస్తవం: 0 దగ్గర అలా రాస్తే h0 = h0 అని వస్తుంది. దానివల్ల ఏమీ తెలియదు. ఆ చివరి విలువలు మనమే ఇవ్వాలి. ప్రోగ్రాం `Singular matrix` అని ఆగిపోతే నేను ముందు వెతికేది ఈ తప్పే.

అపోహ: సగటున 3 టాస్‌లలో గెలుస్తాం.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. i రూపాయల నుంచి పట్టే సగటు టాస్‌లను k_i అనుకుని, ప్రతి అడుగుకూ 1 కలుపుతూ k1 = 1 + ½·k0 + ½·k2 అని రాసుకుపోతే, k0 = k4 = 0 పెట్టినప్పుడు k1 = 3, k2 = 4, k3 = 3 వస్తాయి. ఆ 3 ఆట ఆగేదాకా పట్టే సగటు, గెలిచేదాకా పట్టేది కాదు. k0 = 0 అని పెట్టినప్పుడే ఓడి ఆగడాన్ని కూడా లెక్కలో కలిపేశాం. 4కి చేరే సమయం అనే అడిగితే, ఓడినవాళ్లు అక్కడికి ఎన్నడూ చేరరు కాబట్టి ఆ సగటు అనంతం.

గెలిచిన ఆటలకే సగటు కావాలంటే 1 బదులు h_i కలపాలి: m1 = h1 + ½·m0 + ½·m2, మిగతావీ అలాగే, రెండు చివర్లా సున్నా. m1 = 5/4 వస్తుంది. దాన్ని h1తో, అంటే ¼తో భాగిస్తే 5 టాస్‌లు. ఓడిన ఆటలకు ఇలాగే చేస్తే 7/3. సరిచూసుకోవడం తేలిక: ¼×5 + ¾×7/3 = 3.

అపోహ: తప్పకుండా చేరే స్టేట్‌కు సగటు సమయం కూడా పరిమితమే.

వాస్తవం: స్టేట్లు పరిమితంగా ఉంటే నిజమే. నాలుగు రూపాయల హద్దు తీసేసి, చేయి ఖాళీ అయ్యేదాకా ఆడమనండి. ఇప్పుడు h_i అంటే 0కి చేరే సంభావ్యత, h0 = 1. సమీకరణాలకు 1 + c·i రూపంలో ఎన్నో జవాబులున్నాయి. రుణాత్మకం కానివాటిలో అతి చిన్నదాన్నే తీసుకోవాలి, అది 1. అంటే చేయి ఖాళీ కావడం ఖాయం. సమయానికి మాత్రం k_i = c·i − i² వస్తుంది. c ఎంత పెద్దదైనా i పెరిగేకొద్దీ ఇది సున్నా కిందికి దిగుతుంది. సమయం రుణాత్మకం కాలేదు కాబట్టి పనికొచ్చే పరిమిత జవాబు లేదు, సగటు అనంతం.