చిగుళ్ళ జెల్‌లో ఎంత ఆస్పిరిన్ ఉంది?

కడపలో మా పక్కింటి మనవడికి ఎనిమిదో నెల. కింది చిగురు ఉబ్బింది. చొంగ కార్చుకుంటూ, చేతికందిందల్లా కొరుకుతున్నాడు. "పండ్లొస్తాండాయి, ఇది పూస్తే నిద్దరపోతాడు" అంటూ వాళ్ళ జేజి ఒక చిన్న ట్యూబు చూపించింది. తన నోటిపూతకు మందుల షాపులో కొనుక్కున్నదే. దాని మీద చిన్న అక్షరాల్లో ఉంది: కోలిన్ శాలిసిలేట్ 8.7 శాతం, లిగ్నోకైన్ 2 శాతం.

మొదటిది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. 10 గ్రాముల ట్యూబులో అది 870 మిల్లీగ్రాములుంటుంది. ఆస్పిరిన్‌గా లెక్కకడితే దాదాపు 650 మిల్లీగ్రాములు, అంటే 325 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. వేలి మీద అర గ్రాము తీసుకుంటే ఒక్క పూతకు 32 మిల్లీగ్రాములు పడుతుంది. ఆ ఒక్క పూతతో ఏమీ కాదు. కానీ చొంగ ఆ జెల్‌ను కాసేపటికే కడిగేస్తుంది. కడిగిందేమో పిల్లాడి కడుపులోకే పోతుంది. వాడు మళ్ళీ ఏడుస్తాడు, మళ్ళీ పూస్తారు. ఇలా రోజుకో ట్యూబు అయిపోతే, 8 కిలోల బిడ్డకు కిలోకు 80 మిల్లీగ్రాములు పడినట్టే. రెండ్రోజులు వరుసగా రోజుకు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు రావచ్చు. పైగా శాలిసిలేట్‌ను విరిచే కాలేయపు ఎంజైములకు ఒక హద్దుంది. అది దాటాక మందు బయటికి పోవడం నెమ్మదించి, ఒంట్లో పేరుకుంటుంది.

అసలు చిక్కు ఆ లక్షణాల్లో ఉంది. చిరాకు, వాంతులు, జ్వరం, మగత, ఆయాసంలా కనబడే వేగమైన ఊపిరి. పెద్దవాళ్ళైతే చెవుల్లో గుయ్‌మంటోందని చెబుతారు, పసివాడు ఏం చెబుతాడు? ఇంట్లోవాళ్ళు అదంతా పళ్ళ బాధే అనుకుని ఇంకాస్త పూస్తారు. వైరల్ జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే అరుదుగా రేయ్ సిండ్రోమ్ అనే ప్రమాదకర జబ్బు వస్తుంది. జెల్‌తో కూడా వస్తుందని రుజువు కాలేదు. అయినా ఆ అనుమానంతోనే బ్రిటన్ 2009లో ఇలాంటి జెల్స్‌ను 16 ఏళ్ళలోపు వాళ్ళకు వద్దంది.

ఇక లిగ్నోకైన్ చిగురుతోపాటు గొంతును కూడా మొద్దుబారుస్తుంది. అప్పుడు పాలు పొలమారతాయి. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. దీని ద్రావణాన్ని పళ్ళొచ్చే పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల సంస్థ 2014లో గట్టి హెచ్చరిక ముద్రించమంది.

మరి ఏం చేయాలి? కడిగిన వేలితో చిగురు మెల్లగా రుద్దాలి. లేదా తడిపిన శుభ్రమైన గుడ్డను ఫ్రిజ్‌లో చల్లబరిచి, మన చేత్తో పట్టుకుని కొరకనివ్వాలి. జేజి అదే చేసింది. గుడ్డ కొరకడంలో పడి వాడు ఏడుపు మరిచాడు.

జెల్ ఇప్పటికే పూసి ఉండి, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఊపిరి వేగమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ట్యూబు కూడా వెంట పట్టుకెళ్ళాలి. రక్తంలో శాలిసిలేట్ ఎంతుందో పరీక్షతో తెలుస్తుంది, కానీ జెల్ సంగతి చెప్పకపోతే ఆ పరీక్ష రాయాలని డాక్టరుకు తట్టకపోవచ్చు.