బామ్మ స్నానం చేయించిన ఫొటో, ఆగిపోయిన ఖాతా

పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని అమ్మమ్మ నీళ్లు పోస్తున్న ఫొటో మన ఇళ్లలో చాలా ఆల్బమ్‌లలో కనిపిస్తుంది. గుజరాత్‌లో ఒక ఇంజనీరు, తనకు రెండేళ్లప్పుడు బామ్మ స్నానం చేయిస్తున్న ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్నాడు. అది పిల్లలపై లైంగిక వేధింపుల ఫొటో అనుకుని 2023లో గూగుల్ ఆయన ఖాతాను ఆపేసింది. మెయిల్ రాక వ్యాపారం దెబ్బతింది. చివరికి ఆయన హైకోర్టుకు వెళ్తే, 2024 మార్చిలో గూగుల్‌కు నోటీసు వెళ్లింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఇలాంటి ఫొటోలను పట్టడానికి 2009లో వచ్చిన ఫొటోడీఎన్ఏ అనే సాధనం, ఇదివరకే దొరికిన వేధింపుల ఫొటోల డిజిటల్ వేలిముద్రలతోనే కొత్తవాటిని పోల్చేది. మీ ఇంటి ఫొటో ఆ జాబితాలో ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. 2018లో గూగుల్, ఎవరూ చూడని ఫొటోను కూడా అంచనా వేసే సాధనం తెచ్చింది. కొత్తగా వేధింపులకు గురవుతున్న పిల్లలను కనిపెట్టడానికి అది అవసరమే. అయితే బట్టల్లేని పసివాడిని అది గుర్తిస్తుంది గానీ, పక్కనున్న నలుగుపిండి గిన్నెకు అర్థం దానికి తెలియదు.

2021లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, కొడుకు మర్మాంగం వాచిందని డాక్టర్ కోసం ఫొటో తీశాడు. ఫోన్ దాన్ని తనంతట తానే గూగుల్ క్లౌడ్‌లోకి ఎక్కించింది. రెండు రోజుల్లో మెయిల్, ఫోన్ నంబరు, ఫొటోలు అన్నీ పోయాయి. పోలీసులు విచారించి నేరమేమీ లేదన్నారు. ఆ కాగితం చూపినా కంపెనీ ఖాతా తిరిగివ్వలేదు. పోలీసు క్లియరెన్స్ వేరు, కంపెనీ నిబంధన వేరు అన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

కాబట్టి ఖాతా ఆగిపోతే, కంపెనీకి చేసే అప్పీలులో ఫొటో ఎందుకు తీశారో చెప్పాలి. సైన్ ఇన్ చేసేటప్పుడు వచ్చే అప్పీల్ ఫారంలో బిడ్డ ఎవరు, ఏ తేదీన, ఎందుకు తీశారు అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాయండి. డాక్టర్ చీటీ, అపాయింట్‌మెంట్ మెసేజ్ దగ్గర ఉంచుకోండి. ఆ ఫొటోను మాత్రం ఎవరికీ మళ్లీ పంపొద్దు. మన దేశంలో ఇంకో మెట్టు ఉంది: కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా ప్రభుత్వ అప్పీలు కమిటీ సైట్ gac.gov.in లో అప్పీలు చేయొచ్చు.

ఇక ఫోన్ సంగతి. గూగుల్ ఫొటోస్‌లో Backup తెరిచి, వాట్సాప్ ఫొటోల ఫోల్డర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, పిన్నిగారు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన స్నానం ఫొటో మీ గ్యాలరీలోకి వచ్చి, అక్కడి నుంచి మీ ఖాతాలోకే ఎక్కుతుంది. డాక్టర్‌కు ఫొటో పంపాల్సొస్తే ముందే Backup ఆపి, పంపాక తీసేయండి, బిన్‌లోంచి కూడా.