పది శాతం అప్పుకు పన్నెండు శాతం గీత ఎందుకు?

చెన్నై అంబత్తూరులో వాహనాల విడిభాగాలు చేసే ఒక తెలుగు కుటుంబం ఫ్యాక్టరీకి నేను లెక్కలు చూస్తాను. కొత్త ప్రెస్ లైన్‌కు బ్యాంకు పది శాతం వడ్డీకి అప్పు మంజూరు చేసింది. పన్ను పోగా లైన్ మీద రాబడి 11 శాతం. "వడ్డీ కట్టినా మిగులుతుంది కదరా, ఇంకేం ఆలోచన?" అన్నాడు అన్న. "ఏ పెట్టుబడి మీదైనా కనీసం ఇంత రావాలని మనం పెట్టుకున్న గీత 12 శాతం అన్నయ్యా, ఇది దాటట్లేదు" అన్నాడు తమ్ముడు.

అన్న మాటను తీసిపారేయలేం. 1950ల దాకా ఆర్థిక సిద్ధాంతం కూడా చాలావరకు మూలధనం ఖర్చంటే బాండ్ల వడ్డీ రేటే అనుకుంది. రాబోయే లాభం ఖాయమని తెలిస్తే ఆ లెక్క సరిపోతుంది. లాభం ఖాయం కానప్పుడు ఏమిటన్న ప్రశ్నను 1958లో ఆర్థికవేత్తలు ఫ్రాంకో మొదిగ్లియాని, మెర్టన్ మిల్లర్ నేరుగా పట్టుకున్నారు. అప్పు చవకే, కానీ అది పెరిగేకొద్దీ ముందు వడ్డీ కట్టాకే వాటాదారుకు మిగిలేది. అతని రిస్కు పెరుగుతుంది, కాబట్టి అతను ఎక్కువ రాబడి అడుగుతాడు. పన్నులు లేవనుకుంటే, అప్పులో కలిసొచ్చినదంతా అక్కడే పోతుందని వాళ్లు చూపించారు. వడ్డీ మీద పన్ను తగ్గడం వల్ల వచ్చే లాభాన్ని 1963లో సరిదిద్ది లెక్కలో చేర్చారు.

ఈ ఫ్యాక్టరీలో నూరు రూపాయల పెట్టుబడి విలువలో 60 సొంతం, 40 అప్పు. సొంత డబ్బు మీద ఇలాంటి వ్యాపారంలో 15 శాతం రావాలి. అప్పు వడ్డీ పది, పన్ను సుమారు 25 శాతం కాబట్టి నికరంగా ఏడున్నర. 60 మీద 9 రూపాయలు, 40 మీద 3, మొత్తం 12. అదే గీత. ప్రెస్ లైన్‌కు ఈరోజు అప్పే తెచ్చినా, ఆ అప్పు పుట్టింది సొంత 60 వెనకాల ఉండబట్టే. రేపటి ప్రాజెక్టుకు బ్యాంకు ఇవ్వనంటే సొంత డబ్బే పెట్టాలి. అందుకే ఏ ప్రాజెక్టునైనా దానికి దొరికిన అప్పు వడ్డీతో కాకుండా ఈ సగటుతో పోల్చాలి.

తమ్ముడి లెక్కలోనూ ఒక పొరపాటుంది. ఎలక్ట్రిక్ బండ్ల మోటారు కవర్లు చేద్దామని, 14 శాతం వస్తుందని, గీత దాటిందని టిక్ పెట్టాడు. 12 అన్నది పాత వ్యాపారం రిస్కుకు వచ్చిన అంకె. కొత్త పనికి ఆ పనే చేసే కంపెనీల రిస్కు చూడాలి. 2015లో క్రూగర్, లాండియే, థెస్మార్ అనే పరిశోధకులు, కంపెనీలు తమ ప్రాజెక్టులన్నిటికీ ఒకే రేటు వాడుతూ రిస్కు ఎక్కువున్న విభాగాల్లో అతిగా పెట్టుబడి పెడుతున్నాయని తేల్చారు. కొన్నేళ్లపాటు ఆమోదం పొందినవన్నీ ఒకే రిస్కీ విభాగం నుంచి వస్తుంటే, ఆ తప్పు మన దగ్గరా జరుగుతోందని అనుమానించాలి.

మోటారు కవర్లు చేసే కంపెనీలను పోల్చి చూస్తే మాకు ఆ పనికి గీత 16 శాతం దగ్గర తేలింది. తమ్ముడు కాసేపు కాగితం వంక చూసి, తన టిక్ తనే కొట్టేశాడు.