91 మార్కులొచ్చిన కోర్సు ఎందుకు ఆగిపోయింది: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

నూటికి 91 వచ్చినా ఫలితం దగ్గర ‘ప్రమాణాలు అందుకోలేదు’ అని రాశారు. అదే విడతలో 86 వచ్చిన ఇంకో కోర్సుకు ఆమోదముద్ర పడింది. ఆన్‌లైన్ కోర్సుల నాణ్యతా సమీక్ష మీద పాత గొడవ మళ్లీ రాజుకోవడానికి ఈ రెండు అంకెలు చాలు. ఆగిపోయింది ప్రాథమిక గణాంకశాస్త్రం కోర్సు. దాన్ని తయారుచేసిన అధ్యాపకుడి వాదన సూటిగానే ఉంది: ‘నా పిల్లలు నేర్చుకుంటున్నారు, మీ కాగితాల్లో అది కనపడకపోతే నా తప్పా?’

దూరవిద్య ఎలా పుట్టింది, కోర్సులు ఇంటర్నెట్‌లోకి ఎలా వచ్చాయి అన్నది అందరికీ తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. ఈ గొడవకు మూలం 2003లో ఉంది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో కొన్ని కాలేజీలు కలిసి అప్పటికే మేరీల్యాండ్‌ఆన్‌లైన్ అనే కూటమిగా ఏర్పడి ఉన్నాయి. ఒక కాలేజీ విద్యార్థి ఇంకో కాలేజీ ఆన్‌లైన్ కోర్సులో చేరొచ్చు. అక్కడే చిక్కొచ్చింది. పక్క కాలేజీ కోర్సు బాగుందని నమ్మేదెలా? ఆ పాఠం చెప్పేవాళ్లెవరో వీళ్లకు తెలియదు, వాళ్ల క్లాసులో కూర్చున్నవాళ్లూ లేరు. కళ్లముందున్నది తెర మీది కోర్సు ఒక్కటే. ఆ ఏడాది ఫెడరల్ విద్యాశాఖ గ్రాంటుతో వాళ్లు మొదలుపెట్టిన ప్రాజెక్టే ‘క్వాలిటీ మ్యాటర్స్’. ఆ తర్వాత వచ్చిన చాలా రూబ్రిక్‌ల మీద, అంటే మార్కులు వేసే ప్రమాణాల పట్టికల మీద, దాని నీడ ఉంది.

వాళ్లు తీసుకున్న కీలక నిర్ణయం ఒక్కటే: సమీక్ష కోర్సు రూపకల్పనకే తప్ప బోధనకు కాదు. టీచర్ ఎంత బాగా చెబుతారు, పిల్లలకు ఎంత త్వరగా జవాబిస్తారు అన్నది సమీక్షకులు చూడరు. కొత్తగా చేరిన విద్యార్థిలా కోర్సు తెరిచి, అక్కడ రాసి ఉన్నదాన్నే సాక్ష్యంగా తీసుకుంటారు. నిజానికి ఇది అధ్యాపకులకు రక్షణగా పెట్టిన నియమం. వాళ్ల పనితీరు మీద తీర్పు చెప్పడానికి ఈ సమీక్షను వాడకూడదన్నదే ఉద్దేశం. ఇప్పుడు అదే నియమం మీద అధ్యాపకులు మండిపడుతున్నారు. విచిత్రమే.

ఇక మార్కుల లెక్క. ఈ రెండు కోర్సులనూ తూచింది క్వాలిటీ మ్యాటర్స్ రూబ్రిక్ ఆరో ఎడిషన్‌తో. 2018లో వచ్చిన అందులో 42 ప్రమాణాలు, మొత్తం 100 మార్కులు. ఒక్కో ప్రమాణానికి దాని బరువును బట్టి 3, 2 లేదా 1. సగం మార్కులు ఉండవు. ముగ్గురు సమీక్షకుల్లో ఇద్దరు సరే అంటే పూర్తి మార్కులు, లేకపోతే సున్నా. గట్టెక్కాలంటే 85 రావాలి, దాంతోపాటు 3 మార్కుల తప్పనిసరి ప్రమాణాలు 23కి 23 నెగ్గాలి. 86 వచ్చిన కోర్సు పోగొట్టుకున్న 14 మార్కులూ చిన్న ప్రమాణాల్లోవి. మన గణాంకాల కోర్సు పోగొట్టుకుంది 9 మార్కులే, అంటే మూడు ప్రమాణాలే, కానీ ఆ మూడూ తప్పనిసరివి. లక్ష్యాలే సరిగా లేకపోతే అందమైన పేజీలతో ఆ లోటు పూడ్చుకోవడం కుదరదనే ఈ తలుపు పెట్టారు. 2023లో ఏడో ఎడిషన్ వచ్చి ప్రమాణాలు 44 అయ్యాయి గానీ ఆ తలుపు అలాగే ఉంది.

ఆ మూడూ ఏమిటో చూడాలంటే నాలుగో మాడ్యూల్ తెరవాలి. పైన లక్ష్యం ఇలా ఉంది: ‘విద్యార్థులు గ్రాఫ్‌లను అర్థం చేసుకుంటారు.’ అర్థమైందో లేదో ఎలా కొలుస్తాం? ఒకరు నిర్వచనం చెబితే చాలనుకుంటారు, ఇంకొకరు గీసి చూపమంటారు. కొలవదగ్గ లక్ష్యం కాదు కాబట్టి మొదటి సున్నా. కింద కృత్యం బాగుంది: పత్రికల్లో ఒక గ్రాఫ్ వెతికి తెచ్చి, అది ఎక్కడ తప్పుదోవ పట్టిస్తోందో రాయాలి. దీని మీద సమీక్షకులు చీలిపోయారు. ఇద్దరు ఒప్పుకున్నారు, మార్కులు దక్కాయి. తర్వాత పరీక్ష. పది బహుళైచ్ఛిక ప్రశ్నలు, పదీ ‘హిస్టోగ్రామ్ అనగా నేమి’ బాపతు. కృత్యం ఒకటి నేర్పుతోంది, పరీక్ష ఇంకోటి అడుగుతోంది. గ్రాఫ్ తప్పును పట్టుకోగలిగిన పిల్లకు ఆ పరీక్షలో దాన్ని చూపించుకునే చోటే లేదు. ఈ పొంతన లేకపోవడానికి రెండో సున్నా.

‘లైవ్ క్లాసులో అందరిచేతా గ్రాఫ్‌లు గీయిస్తాను, అక్కడికక్కడే దిద్దుతాను’ అని అధ్యాపకుడు అంటున్నారు. అబద్ధమని ఎవరూ అనలేదు. కానీ ఆ పని కోర్సులో ఎక్కడా రాసి లేదు, దానికి మార్కులూ లేవు. వచ్చే ఏడాది ఇంకొకరు ఈ కోర్సు చెబితే ఆ భాగం ఆయనతోపాటే వెళ్లిపోతుంది. 2003 నాటి భయం సరిగ్గా ఇదే.

ఆయన మాటలో ఒక నిజం మాత్రం ఉంది. పిల్లలు నేర్చుకున్నారా అన్నది ఈ రూబ్రిక్ చెప్పదు. అన్నీ పద్ధతిగా రాసి, చెప్పేవారు పట్టించుకోని కోర్సు కూడా గట్టెక్కొచ్చు. అయితే క్రియాపదం మార్చేస్తే పనైపోతుందన్న ఎగతాళి సరికాదు. ‘అర్థం చేసుకుంటారు’ తీసేసి ‘తగిన గ్రాఫ్‌ను ఎంచుకుని, కారణం చెప్పగలరు’ అని రాస్తే మొదటి సున్నా పోతుంది. ఆ పది ప్రశ్నలు అలాగే ఉంటే రెండోది మాత్రం పోదు.

మూడో సున్నా ఒక పుస్తకం అధ్యాయానికి, 14 పేజీల స్కాన్ కాపీకి. మౌస్‌తో ఒక్క పదం కూడా సెలెక్ట్ కావడం లేదు. అంటే అవి ఫొటోలు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్ దాన్ని తెరిస్తే చదవడానికి అక్షరమే ఉండదు. మిగతా చోట అందుబాటును తనిఖీ చేసే ఆటోమేటిక్ చెకర్ అన్నిటికీ పచ్చ టిక్కు పెట్టింది, ఒక గ్రాఫ్‌కు చూపులేనివారి కోసం రాయాల్సిన వివరణ స్థానంలో image1.png అని ఉన్నా సరే. వివరణ ఉందా లేదా అన్నదే యంత్రానికి తెలుస్తుంది, అందులో అర్థముందా అన్నది మనిషి చూడాలి.

ఈ విషయంలో వ్యతిరేకులు బర్క్‌లీ ఉదంతం ఎత్తుతారు. బధిరుల తరఫున వచ్చిన ఫిర్యాదు మీద, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ పాఠాలు వైకల్యమున్నవారికి అందుబాటులో లేవని 2016 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ లేఖ రాసింది. 2017లో ఆ క్యాంపస్ 20 వేలకు పైగా పాత రికార్డింగులను జనానికి కనపడకుండా తీసేసింది. ‘చూశారా, నియమాలు బిగిస్తే ఉన్నదీ పోతుంది’ అంటారు. 2022లో కుదిరిన ఒప్పందంతో ఆ కేసు క్యాప్షన్లు, అందుబాటు వైపే తేలింది. ఏళ్ల తరబడి క్యాప్షన్లు లేకుండా పోగేసి, ఒక్కరోజు లెక్క అడిగేసరికి బరువైపోయింది. ఈ 14 పేజీలు అంత బరువేమీ కాదు. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో టెక్స్ట్‌గా మార్చి, శీర్షికలు గుర్తుపెట్టి, పట్టికలు చేత్తో సరిచూడాలి. తెలుగు లాంటి లిపుల్లో ఒత్తులు, గుణింతాల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి.

‘అందుకోలేదు’ అన్నా కోర్సు కొట్టేసినట్టు కాదు. దిద్దుకోవడానికి గడువిస్తారు, ఓడిన ప్రమాణాలనే మళ్లీ చూస్తారు. అధ్యాపకుడు ఇప్పటికే లక్ష్యం వాక్యం మార్చారు, స్కాన్ కాపీ తీసేశారు. పరీక్షలో పదికి మూడు ప్రశ్నలు తొలగించి, వాటి చోట నిలువు అక్షం 50 దగ్గర మొదలయ్యే ఒక బార్ గ్రాఫ్ ఇచ్చి, అందులో తప్పేమిటో చెప్పి తిరిగి గీయమన్నారు. మిగిలిన ఏడూ ఇంకా నిర్వచనాలే. ఆ ఒక్క ప్రశ్న సరిపోతుందా అన్నది ఇక సమీక్షకులే తేల్చాలి.